యముడు న్యాయాధిపతి ఎప్పుడయ్యాడు?

నడిరేయి:
ఈ మధ్య ఋగ్వేదం పదో మండలం చదువుతున్నాను. పద్నాలుగో సూక్తం యముడిది. దున్నపోతు, పాశం, చిట్టా తిరగేసే చిత్రగుప్తుడు ఎదురవుతారని అనుకుంటూ మొదలుపెడితే ఒక్కరూ కనిపించలేదు. అక్కడ యముడు చనిపోయిన మనుషుల్లో మొదటివాడు. "యమో నో గాతుం ప్రథమో వివేద" అంటుంది రెండో మంత్రం. మనకోసం దారి ముందుగా కనుక్కున్నవాడట. ఆ దారిన వెళ్లినవాళ్లకు పితృదేవతలు, వెలుగు, విందు. నూట ముప్పై అయిదో సూక్తంలో అయితే ఆకులు దట్టంగా ఉన్న చెట్టు కింద దేవతలతో కూర్చుని సోమం తాగుతుంటాడు. ఎవరినీ ఏమీ అడగడు.

ఇంత హాయిగా ఉన్నవాడు మనందరికీ తెలిసిన యముడిగా ఎప్పుడు మారాడు, ఎందుకు మారాడు? కర్మఫలం తనంతట తానే వస్తుందని చెప్పే మతంలో మళ్లీ తీర్పు చెప్పడానికి ఒకడు కావలసి రావడం ఏమిటి? తెలిసినవారు చెప్పండి.

రాగిచెంబు:
ఇందులో సందేహమే లేదు. వేదాల్లో నరకం అనేదే లేదు. అది పూర్తిగా పురాణాల సృష్టి. జనాన్ని భయపెట్టి దానాలు రాబట్టుకోవడానికి తరవాతివాళ్లు చేర్చారు. ఋగ్వేద కాలపు మనిషికి చావంటే భయం ఉంది కానీ చచ్చాక శిక్ష అన్న ఆలోచన లేదు.

లెక్కలమాస్టారు:
నరకం ఉందా లేదా అన్నదానికి ఇంతవరకు ఎవరూ ఆధారం చూపలేదు. భూమిని ఎంత లోతుకు తవ్వినా రాయీ, వేడీ తప్ప ఏమీ లేవు. ఇంత చదువుకున్నవారు ఇంకా దీని మీద చర్చించడం ఆశ్చర్యంగా ఉంది.

నడిరేయి:
మాస్టారూ, ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. ఆ ఊహ ఎలా పెరిగింది అన్నది. గణితంలో సున్నా ఎలా వచ్చిందని అడిగితే సున్నాను ఎవరైనా చూశారా అని మీరు అనరు కదా.

తాళపత్రం:
రాగిచెంబు గారు చెప్పినదాంట్లో సగం నిలుస్తుంది. ఋగ్వేదంలో నరకం అన్న పేరు లేదు, యముడి తీర్పు లేదు. కానీ చీకటి గొయ్యి ఉంది. ఏడో మండలం నూటనాలుగో సూక్తంలో ఇంద్రుణ్ణీ సోముణ్ణీ పిలిచి, చెడ్డపనులు చేసేవాళ్లను పట్టు దొరకని చీకటిలోకి, గొయ్యి లోపలికి పొడిచి తోసేయమంటాడు ఋషి. వాళ్లలో ఒక్కడు కూడా తిరిగి పైకి రాకూడదని కూడా అంటాడు. అథర్వవేదానికి వచ్చేసరికి నారకలోకం అన్న మాట కూడా కనిపిస్తుంది. అడిగినవాడికి గోవును ఇవ్వకుండా దాచుకున్నవాడికి అది దక్కుతుందట.

అయితే ఒక తేడా గమనించాలి. ఆ గొయ్యి శత్రువుల కోసం. ఋషి తన గురించి ఒక్కక్షణం కూడా భయపడడు. "వాళ్లను తొయ్యి" అంటాడే తప్ప "నా పాపపుణ్యాలు తూచు" అనడు. తనకు దక్కేది ఇష్టాపూర్తం, అంటే చేసిన యజ్ఞాలు, ఇచ్చిన దానాలు. పరలోకంలో వాటితో కలుసుకొమ్మని పద్నాలుగో సూక్తమే చనిపోయినవాడికి చెబుతుంది. ముందుగా పంపిన సామాను అక్కడ అందుకోవడం లాంటిది.

నైతిక బాధ్యత మొదలయ్యేది గొయ్యి ఉన్నప్పుడు కాదు, ఆ గొయ్యి అంచున నేను కూడా నిలబడవచ్చు అన్న అనుమానం వచ్చినప్పుడు. నాకు తెలిసినంతలో ఆ అనుమానం గట్టిగా వినిపించే మొదటి చోటు శతపథ బ్రాహ్మణంలోని భృగువు కథ.

భృగువు వరుణుడి కొడుకు. తండ్రికంటే తనకే ఎక్కువ తెలుసని మిడిసిపడుతుంటే, పోయి నాలుగు దిక్కులూ చూసి రమ్మంటాడు తండ్రి. తూర్పున మనుషులు మనుషులను ముక్కలు చేసి "ఇది నీకు, ఇది నాకు" అని పంచుకుంటుంటారు. ఎందుకిలా అని అడిగితే, "వీళ్లు ఆ లోకంలో మమ్మల్ని ఇలాగే చేశారు, ఇక్కడ మేం వీళ్లను చేస్తున్నాం" అంటారు. దక్షిణాన కూడా అదే దృశ్యం. పడమటికి వెళితే, కదలకుండా కూర్చున్నవాళ్లను కదలకుండా కూర్చున్నవాళ్లే తింటుంటారు. ఉత్తరాన కేకలు పెట్టేవాళ్లను కేకలు పెట్టేవాళ్లు తింటుంటారు. ఇంటికి వచ్చి వణుకుతున్న కొడుక్కి వరుణుడు విడమరిచి చెబుతాడు. మొదటివాళ్లు చెట్లు. దక్షిణాన చూసినవాళ్లు పశువులు. కదలకుండా కూర్చుని తిన్నవాళ్లు ఓషధులు. కేకలు పెట్టినవాళ్లు నీళ్లు.

ఇక్కడ న్యాయాధిపతి లేడు, గమనించారా? బాధితుడే వచ్చి బాకీ వసూలు చేసుకుంటాడు.

పాతపాఠకుడు:
ఆ కథ నేనూ చదివాను. కానీ చివర వరుణుడు చెప్పే పరిహారం సంగతి మీరు దాటేశారు. అగ్నిహోత్రంలో సమిధ వేస్తే చెట్ల బాకీ తీరుతుంది, పాలు హోమం చేస్తే పశువుల బాకీ తీరుతుంది. అంటే ఇంత భయంకరమైన దృశ్యమంతా చూపించి చివరికి "రోజూ హోమం చెయ్యి, చాలు" అని తేల్చేశారు. దీన్ని నైతిక బాధ్యత అనవచ్చా?

తాళపత్రం:
దాటేశాను, నిజమే. మీ అభ్యంతరం న్యాయమైనది. కర్మకాండ చేతిలో ఉన్నవాడు భయాన్నీ మందునూ ఒకే సంచిలో మోసుకొస్తాడు. అయినా చెట్టును నరకడం కూడా లెక్కలోకి వస్తుందన్న ఊహ అక్కడ పుట్టింది. మందు పనిచేస్తుందో లేదో అని తరవాత జనం అనుమానించినా ఆ ఊహ మాత్రం పోలేదు.

తూనీగ:
నేను ఎప్పుడూ రాయను, చదివి వెళ్లిపోతాను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నా పేరు చూశారు కదా, కారణం చెబుతాను.

ఏడెనిమిదేళ్ల వయసులో నేనూ మా తమ్ముడూ తూనీగలను పట్టి తోకలకు దారం కట్టేవాళ్లం. కొన్నిటికి గడ్డిపరకలు గుచ్చేవాళ్లం, ఎగురుతాయా లేదా అని. ఒకరోజు మా నాయనమ్మ చూసింది. కొట్టలేదు. "పైన నీకూ ఇలాగే గుచ్చుతారు, అప్పుడు తెలుస్తుంది" అని మెల్లగా చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నిద్రపోలేదు. ఇప్పుడు నాకు నలభై ఆరు. దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఆ మాట మాత్రం ఇప్పటికీ మెడ వెనక ఎక్కడో ఉంది. అన్నెం పున్నెం ఎరగని వయసులో చేసినదానికి కూడా లెక్క ఉంటుందా? భృగువు కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

తాళపత్రం:
తూనీగ గారూ, మీ ప్రశ్న మహాభారతంలో అక్షరాలా ఉంది. మీ నాయనమ్మగారు ఆ కథ వినే ఉంటారని నా అనుమానం. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ. తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు కానీ ఇక్కడ దాన్ని తాపీగా చూడాలి.

మాండవ్యుడు ఆశ్రమం గుమ్మం దగ్గర చెట్టు కింద చేతులు పైకెత్తి మౌనవ్రతంలో నిలబడి ఉంటాడు. దొంగలు కొల్లగొట్టిన సొత్తుతో పరుగెత్తుకొచ్చి ఆశ్రమంలో దాక్కుంటారు. వెనకే వచ్చిన రాజభటులు దొంగలు ఎటు పోయారని అడుగుతారు. ఆయన మాట్లాడడు. వెతికితే దొంగలూ సొత్తూ లోపలే దొరుకుతాయి. ఆయన కూడా దొంగే అనుకుంటారు. రాజు అందరినీ శూలం మీద ఎక్కించమంటాడు. దొంగలు పోతారు, ఆయన పోడు. తిండి లేకుండా శూలం మీదే తపస్సు చేస్తుంటాడు. సంగతి తెలిసి రాజు పరుగున వచ్చి కాళ్ల మీద పడతాడు. మాండవ్యుడు రాజును ఏమీ అనడు. అప్పటికి రాజు చేసింది తెలియక చేసిన పొరపాటు.

ఆయన వెళ్లింది ధర్ముడి దగ్గరికి, అంటే యముడి దగ్గరికి. "నాకు ఈ శిక్ష ఏ పనికి?" అని అడిగాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపరక గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు ధర్ముడు. అవును, గడ్డిపరకే.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. కర్మ సిద్ధాంతం నోరు మూయించే కథ అయితే ఋషి తల వంచుకుని వెళ్లిపోవాలి. వంచలేదు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేశావు అని నిలదీశాడు. నువ్వు శూద్ర గర్భంలో మనిషిగా పుట్టు అని శపించాడు. ఆ ధర్ముడే విదురుడు. అక్కడితో ఆగకుండా, ఇకనుంచి పద్నాలుగేళ్లు నిండేవరకు చేసినది పాపం కాదు, ఆ పైన చేస్తేనే దోషం అని లోకానికి హద్దు పెట్టాడు.

అంటే కథ మూడు సంగతులను విడదీసింది. తప్పుకు శిక్షకు పొంతన ఉండాలి. చేసినవాడికి తెలివి వచ్చిన వయసై ఉండాలి. తీర్పు చెప్పేవాడు కూడా తీర్పుకు లోబడాలి. మూడోది నాకు మిగతా సంప్రదాయాల్లో ఇంత సూటిగా ఎక్కడా కనిపించలేదు. నడిరేయి గారి ప్రశ్నకు కూడా ఇందులో కొంత జవాబుంది. కర్మ యంత్రంలా తిరిగితే దాన్ని నిలదీయడానికి ఎవరూ దొరకరు. యంత్రానికి ఒక ముఖం అతికిస్తేనే "ఇది అన్యాయం" అని అడగడానికి వీలు.

రాగిచెంబు:
కథ బాగుంది కానీ శూద్ర గర్భంలో పుట్టడమే యముడికి శిక్ష అనడంలో ఎవరి న్యాయం ఉందో కూడా చెప్పండి. బాల్యానికి మినహాయింపు ఇచ్చిన చేత్తోనే పుట్టుకను శిక్షగా చేశారు.

తాళపత్రం:
అది ఆ కథలోని మచ్చ. దాన్ని సమర్థించను. ఛాందోగ్య ఉపనిషత్తులో కూడా మంచి నడవడికి మంచి పుట్టుక, చెడ్డ నడవడికి కుక్క, పంది, చండాల గర్భం అని వరసలో పెట్టారు. పరలోకపు లెక్క ఈ లోకపు మెట్లకు కాపలా కాసింది. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

ఆదివారం:
నేను బైబిలు వైపు నుంచి రెండు మాటలు చేరుస్తాను. సరిగ్గా ఇలాంటి మార్పే అక్కడా ఉంది.

పాత నిబంధనలో ఎక్కువ భాగం చనిపోయినవాళ్లంతా ఒకే చోటికి వెళతారు. హీబ్రూలో షెయోల్, మన తెలుగు బైబిలులో పాతాళము. రాజూ దాసుడూ, మంచివాడూ చెడ్డవాడూ అక్కడ ఒకటే. చనిపోయినవారు ఏమియు ఎరుగరు అంటుంది ప్రసంగి గ్రంథం. శిక్షా బహుమానమూ ఈ లోకంలోనే, అది కూడా చాలాచోట్ల ఒక్కడికి కాక వంశానికో జాతికో వస్తుంది.

ఇది ఎక్కడ తెగిందంటే, క్రీ.పూ. 167 తరవాత. నాలుగో ఆంటియోకస్ అనే గ్రీకు రాజు యూదుల ధర్మశాస్త్రాన్నే నిషేధించాడు. సున్నతి చేయించినా, విశ్రాంతి దినం పాటించినా చంపించాడు. పాత లెక్క ప్రకారం ధర్మశాస్త్రం పాటిస్తే దీర్ఘాయువు రావాలి. ఇప్పుడు పాటించినందుకే చస్తున్నారు. ఆ లెక్క ఇక కుదరదు. ఆ రోజుల్లోనే రూపు దిద్దుకున్న దానియేలు గ్రంథం పన్నెండో అధ్యాయంలో, మట్టిలో నిద్రించేవాళ్లు మేల్కొంటారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిత్యమైన అవమానానికి అన్న మాట వస్తుంది. హీబ్రూ బైబిలులో ఇంత స్పష్టంగా ఈ రెండు దారులూ విడిపోయిన చోటు ఇదొక్కటే. మక్కబీయుల రెండో గ్రంథంలో ఏడుగురు అన్నదమ్ముల కథ కూడా ఆ కాలం గురించిందే. అది మా ప్రొటెస్టంట్ల బైబిలులో లేదు, క్యాథలిక్కుల బైబిలులో ఉంటుంది. చంపుతున్న రాజు ముందు నిలబడి, మా ప్రాణాలు దేవుడు తిరిగి ఇస్తాడు, నీకు మాత్రం పునరుత్థానం లేదు అంటాడు ఒక తమ్ముడు.

అందుకే, నరకం జనాన్ని భయపెట్టడానికి పుట్టిందని రాగిచెంబు గారు అన్నది ఇక్కడ పొసగదు. అది మొదట చంపుతున్నవాణ్ణి ఉద్దేశించి చచ్చేవాడు అన్న మాట. తరవాతి కాలంలో అధికారం చేతికి వచ్చినవాళ్లు దాన్ని కిందివాళ్ల మీదికి తిప్పారు. అది వేరే కథ.

రాగిచెంబు:
ఒప్పుకుంటాను, నాకు ఈ కోణం తెలియదు. కానీ శాశ్వత నరకం సంగతి? డెబ్బై ఏళ్లు బతికిన మనిషి చేసిన తప్పులకు అంతులేని శిక్ష ఏ పొంతన? మాండవ్యుడు ఉండి ఉంటే ఏమనేవాడు?

ఆదివారం:
ఆ ప్రశ్న మా లోపలే ఉంది, మీరు కొత్తగా తేలేదు. యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో ఒక రబ్బీ, అంటే మతగురువు, మాట ఉంది. గెహెన్నాలో, అంటే నరకంలో, దుష్టుల శిక్ష పన్నెండు నెలలు అని. అందుకే చనిపోయిన తల్లిదండ్రుల కోసం యూదులు చదివే కద్దీష్ ప్రార్థనను పదకొండు నెలలకే ఆపుతారు. పూర్తి ఏడాది చదివితే మా నాన్న దుష్టుల లెక్కలోకి వస్తాడని ఒప్పుకున్నట్టే అని. క్రైస్తవుల్లో మూడో శతాబ్దపు ఒరిగెన్ చివరికి అందరూ శుద్ధి పొందుతారని ఆశించాడు. ఆగస్టీన్ దాన్ని గట్టిగా కాదన్నాడు. పశ్చిమాన ఆగస్టీన్ మాటే నిలిచింది. నేను ఎటు అని అడగకండి, వారానికోసారి మారుతుంటాను.

నడిరేయి:
తాళపత్రం గారూ, నా అసలు చిక్కుకు వస్తాను. ఛాందోగ్యం ప్రకారం చెడ్డ నడవడికి ఫలం చెడ్డ పుట్టుక. పురాణం ప్రకారం నరకం. రెండూ అనుభవించాలా? ఒకే తప్పుకు రెండు శిక్షలు ఎలా?

తాళపత్రం:
చిక్కు నిజమైనదే. రెండు వేర్వేరు లెక్కల పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. పితృలోకం, చీకటి గొయ్యి పాతవి. పునర్జన్మ ఉపనిషత్తులతో ముందుకొచ్చింది. కొత్తది వచ్చాక పాతదాన్ని ఎవరూ కొట్టివేయలేదు. తరవాతివాళ్లు రెంటినీ అతకాలి.

బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం మొదటి పాదం ఈ అతుకు గురించే. స్వర్గంలో పుణ్యమంతా ఖర్చయిపోతే మళ్లీ పుట్టడానికి ఏది మిగిలింది? ఏదో శేషం ఉంటుంది, దాని పేరు అనుశయం అంటాడు సూత్రకారుడు. ఆ శేషం ఏమిటన్నది అసలు గొడవ. కొందరు నూనెకుండ పోలిక తెచ్చారు. కుండ ఒంపేసినా అడుగున జిడ్డు అంటుకుని ఉంటుంది, స్వర్గం ఇచ్చిన కర్మలోనే కాస్త మిగిలి ఉంటుందని. రాజును కొలిచిన సేవకుడికి సామగ్రి అంతా అయిపోయి గొడుగూ చెప్పులూ మాత్రమే మిగిలాయనే పోలిక కూడా ఉంది. శంకరులు ఈ పోలికలు చెల్లవన్నారు. స్వర్గం ఇవ్వడానికి చేసిన కర్మ స్వర్గంలోనే పూర్తిగా తీరిపోతుంది, ఇక్కడి పుట్టుకను ఇచ్చేది వేరే కర్మ అన్నారు. ఆ లెక్కన ఒక పద్దుకు రెండుసార్లు వసూలు లేదు. ఏ పద్దు ఎక్కడ తీరాలో అక్కడ తీరుతుంది.

అదే పాదంలో యముడి అధికారం గురించి కూడా ప్రశ్న వస్తుంది. నరకాలు ఏడు అంటున్నారు, వాటికి చిత్రగుప్తుడు మొదలైనవారు అధికారులు అంటున్నారు, మరి యముడి పాలన అనడం ఎలా? వాళ్లు యముడి కింద పనిచేసేవాళ్లే కాబట్టి విరోధం లేదన్నది జవాబు. వేదాంతగ్రంథంలో ఒక కచేరీ ఏర్పాటును సర్దిపుచ్చడం చూస్తే నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది.

పాతపాఠకుడు:
బాగా అతికారు కానీ అతుకు కనిపిస్తూనే ఉంది. సామాన్యుడికి ఏ పద్దు ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? పైగా మనుస్మృతిలో నరకాలు ఇరవై ఒకటి, భాగవతంలో ఇరవై ఎనిమిది. కచేరీ పెరుగుతూనే పోయింది.

బోధిఛాయ:
యముడు అడిగే ప్రశ్నల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. పాళీ బౌద్ధ గ్రంథాల్లో దేవదూత సుత్తం అని ఉంది. అక్కడ యముడు చిట్టా చదవడు. నా దూతలను నువ్వు చూడలేదా అని అడుగుతాడు. చూడలేదు అంటాడు చచ్చినవాడు. పొత్తిళ్లలో పడుకున్న పసివాణ్ణి చూడలేదా? కర్ర పట్టుకుని వణికే ముసలివాణ్ణి? మంచంపట్టిన రోగిని? రాజదండన పడిన దొంగను? శవాన్ని? చూశాను అంటాడు. మరి నేనూ ఇలాగే అవుతాను, మంచి చేద్దాం అని ఎందుకు అనుకోలేదు? అజాగ్రత్తగా ఉన్నానండీ అంటాడు. అప్పుడు యముడు, ఈ పని నీ తల్లి చేయలేదు, తండ్రి చేయలేదు, దేవతలు చేయలేదు, నువ్వే చేశావు, ఫలమూ నీదే అని చెప్పి ఊరుకుంటాడు. నిజంగా ఊరుకుంటాడు. శిక్ష ఆయన వేయడు. నరకపాలురు వచ్చి తీసుకుపోతారు. చివర యముడే, నేను మనిషిగా పుట్టి బుద్ధుడి మాట వినగలిగితే బాగుండును అనుకుంటాడు.

నరకపాలురు కూడా ఒక చిక్కే. వాళ్లు ఏం పాపం చేసి అక్కడ ఉన్నారు? ఆ మంటల్లో వాళ్లు కాలడం లేదెందుకు? థేరవాదులు వాళ్లు నిజమైన ప్రాణులే అన్నారు. మహాయాన బౌద్ధ తాత్వికుడు వసుబంధుడు కాదన్నాడు. బాధ పడనివాడు నరకవాసి కాలేడు, కాబట్టి పాపుల కర్మే వాళ్లందరికీ ఒకేలా అలా కనిపిస్తుంది అన్నాడు. నడిరేయి గారు అడిగిన "తీర్పరి ఎందుకు" అన్న ప్రశ్నకు ఇది నాకు తాళపత్రం గారి జవాబుకంటే సబబుగా తోస్తుంది. ముఖం మనమే అతికించుకుంటాం.

తాళపత్రం:
వసుబంధుడి దారిలో వెళితే మాండవ్యుడు ఎవరిని నిలదీయాలి? తన ఊహనేనా? నేను ఒప్పుకోలేను.

బోధిఛాయ:
నిలదీయనక్కరలేదు, గడ్డిపరక గుచ్చకుండా ఉంటే చాలు అంటాడేమో.

లెక్కలమాస్టారు:
ఉందా లేదా అన్నది పక్కన పెట్టి చదివాను. పద్నాలుగేళ్ల హద్దు నచ్చింది. నా తరగతిలో అందరూ ఆ హద్దుకు కిందివాళ్లే.

తూనీగ:
తాళపత్రం గారూ, చాలా థాంక్స్. కథ మూడుసార్లు చదివాను. ఒక్కటి అడుగుతాను. మాండవ్యుడు పెట్టిన హద్దు ఆయన తరవాతివాళ్లకు వర్తిస్తుంది. ఆయనకు వర్తించలేదు కదా? శూలం సంగతి ఏమైంది?

తాళపత్రం:
రాజు తీయించబోతే రాలేదమ్మా. బయటికి ఉన్నంతవరకు కోయించాడు. లోపలి ముక్కతోనే ఆయన తిరిగాడు. శూలపు మొనను అణి అంటారు. అందుకే ఆయనకు అణిమాండవ్యుడని పేరు. ధర్ముడి దగ్గరికి వెళ్లి ఆ హద్దు పెట్టినప్పుడు కూడా అది లోపలే ఉంది.